స్వతంత్ర మొబైల్ ఆటల ఆదాయ పద్ధతులు

స్వతంత్ర మొబైల్ ఆటల ఆదాయ పద్ధతులు అనగా పెద్ద సంస్థల పెట్టుబడి లేకుండా ఒకరు గాని, కొద్దిమంది కలిసి గాని తయారుచేసిన మొబైల్ ఫోను ఆట నుండి దాని రూపకర్తలు డబ్బు సంపాదించే మార్గాలు. వీటిలో ముఖ్యమైనవి మూడు. ఆటకు వెల కట్టి ముందుగానే అమ్మడం మొదటిది. ఆటను ఉచితంగా ఇచ్చి, మధ్యమధ్య వ్యాపార ప్రకటనలు చూపి, ఆ ప్రకటనల వలన సొమ్ము పొందడం రెండవది. ఆటను ఉచితంగానే ఇచ్చి, ఆడేవారికి అదనపు పాత్రలు, నాణేలు, కొత్త స్థాయిలు మొదలైనవి ఆట లోపలే అమ్మడం మూడవది. ఈ మూడవ పద్ధతిని ఇన్-యాప్ పర్చేజ్ అని వ్యవహరిస్తారు.

డబ్బు ఎవరు చెల్లిస్తారన్నది ఈ మూడింటి మధ్య పైకి కనిపించే తేడా. చిన్న రూపకర్తకు అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉన్నది. పెట్టిన ఖర్చు తిరిగి రావడానికి ఎంతమంది ఆడాలన్నది ఒక్కొక్క పద్ధతిలో ఒక్కొక్క విధంగా ఉంటుంది. వెలకు అమ్మే ఆటకు వేలమంది సరిపోతే, ప్రకటనలపై నడిచే ఆటకు లక్షలమంది కావలసి వస్తుంది. అంతమంది దొరుకుతారా, దొరికినవారు ఎన్ని రోజులు నిలుస్తారు అనే ప్రశ్నలకు వచ్చే సమాధానమే ఏ ఆటకు ఏ పద్ధతి తగునో నిర్ణయిస్తుంది.

## నేపథ్యం

ఆపిల్ సంస్థ వారి యాప్ స్టోర్ 2008 జూలై 10న ప్రారంభమైనది. అంతకు ముందు ఫోను ఆటలు ఎక్కువగా టెలిఫోను కంపెనీల ద్వారా అమ్ముడయ్యేవి. ఒక వ్యక్తి తాను తయారుచేసిన ఆటను నేరుగా ప్రజలకు అమ్ముకోవడం కష్టంగా ఉండేది. యాప్ స్టోర్‌లో రూపకర్త తనకు తానే ధర నిర్ణయించుకోవచ్చును. ఆ ధరలో 70 శాతం రూపకర్తకు, 30 శాతం ఆపిల్‌కు చెందేలా నియమం పెట్టబడినది. అదే సంవత్సరం అక్టోబరులో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ మార్కెట్‌ను ప్రారంభించినది. 2012 మార్చిలో దీని పేరు గూగుల్ ప్లే అని మారినది.

మొదట్లో వెలకు అమ్మడం, ప్రకటనలు చూపడం అనే రెండు మార్గాలే ఉండేవి. 2009 జూన్‌లో ఐఫోను మూడవ కూర్పుతో పాటు ఆట లోపల కొనుగోలు చేసే సదుపాయం వచ్చినది. అయితే అది వెల చెల్లించి కొన్న అనువర్తనాలకే పరిమితమైనది. 2009 అక్టోబరులో ఉచిత అనువర్తనాలకు కూడా ఈ సదుపాయం విస్తరించబడినది. ఆండ్రాయిడ్‌లో ఇది 2011 మార్చిలో అందుబాటులోకి వచ్చినది. ప్రకటనల రంగంలో 2006లో స్థాపించబడిన యాడ్‌మాబ్ సంస్థను కొంటున్నట్లు గూగుల్ 2009 నవంబరులో ప్రకటించినది. ఆ కొనుగోలు 2010 మేలో పూర్తయినది.

చిన్న రూపకర్తలకు సంబంధించిన ముఖ్యమైన మార్పు 2021లో జరిగినది. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్నవారి నుండి తీసుకునే వాటాను ఆపిల్ 2021 జనవరి 1 నుండి 30 శాతం నుండి 15 శాతానికి తగ్గించినది. అదే సంవత్సరం జూలై నుండి గూగుల్ కూడా ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతం మాత్రమే తీసుకోవడం ప్రారంభించినది. ఈ వాటా అమ్మకాలకు, ఆటలోపలి కొనుగోళ్ళకు వర్తిస్తుంది. ప్రకటనల ఆదాయం దుకాణం ద్వారా రాదు కనుక దానికి వర్తించదు. ప్రకటనల సంస్థలు తమ వాటాను ముందే మినహాయించుకొని మిగిలినది రూపకర్తకు చెల్లిస్తాయి.

## రెండు ఆటల పోలిక

పద్ధతుల మధ్య తేడాను అర్థం చేసుకొనుటకు 2014లో విడుదలైన రెండు స్వతంత్ర ఆటలు ఉపయోగపడతాయి. ఈ రెండింటి లెక్కలను వాటి రూపకర్తలే బహిరంగపరచారు.

మాన్యుమెంట్ వ్యాలీ లండనుకు చెందిన అస్‌టూ సంస్థ తయారుచేసిన ఆట. 2014 ఏప్రిల్‌లో 3.99 డాలర్ల ధరకు విడుదలైనది. దీని తయారీకి 55 వారాలు పట్టగా, 8,52,000 డాలర్లు ఖర్చయినది. 2015 జనవరిలో సంస్థ ప్రకటించిన వివరాల ప్రకారం అప్పటికి సుమారు 24.4 లక్షల ప్రతులు అమ్ముడై, దాదాపు 58.6 లక్షల డాలర్ల ఆదాయం వచ్చినది. అంటే ఒక్కొక్క కొనుగోలుదారు వలన సుమారు 2 డాలర్ల 40 సెంట్లు లభించినది.

క్రాసీ రోడ్ ఆస్ట్రేలియాకు చెందిన హిప్‌స్టర్ వేల్ అనే చిన్న బృందం తయారుచేసిన ఆట. 2014 నవంబరులో ఉచితంగా విడుదలైనది. ఇందులో ఆదాయం రెండు విధాలుగా వచ్చేది. ఇష్టమైన పాత్రను కొనుక్కోవడం ఒకటి, నాణేల కొరకు ఆటగాడు తానే కోరి వీడియో ప్రకటన చూడడం మరొకటి. మొదటి 90 రోజులలో 5 కోట్ల డౌన్‌లోడ్లు, కోటి డాలర్ల ఆదాయం వచ్చినట్లు రూపకర్తలు 2015లో వెల్లడించారు. అంటే ఒక్కొక్క డౌన్‌లోడు వలన 20 సెంట్లు.

మొత్తం ఆదాయంలో క్రాసీ రోడ్ ముందున్నది. కాని మనిషికి వచ్చిన రాబడి చూస్తే మాన్యుమెంట్ వ్యాలీది పన్నెండు రెట్లు. క్రాసీ రోడ్‌కు 5 కోట్లమంది బదులు 5 లక్షలమంది మాత్రమే దొరికి ఉంటే, అదే రేటున లక్ష డాలర్లు మాత్రమే వచ్చి ఉండేది. మాన్యుమెంట్ వ్యాలీకి 5 లక్షలమంది దొరికినా 12 లక్షల డాలర్లు వచ్చి, పెట్టిన ఖర్చు గట్టెక్కేది. ఈ రెండూ అసాధారణ విజయం సాధించిన ఆటలు కనుక వాటి మొత్తం ఆదాయం చిన్న రూపకర్తకు కొలమానం కాదు. మనిషికి ఎంత వచ్చినదన్న నిష్పత్తి మాత్రం పనికి వస్తుంది.

## వెలకు అమ్మే పద్ధతి

ఈ పద్ధతిలో ఆటగాడు ఒక్కసారి డబ్బు చెల్లించి ఆటను పూర్తిగా పొందుతాడు. రూపకర్తకు అమ్మకం నాడే రాబడి ఖాయమవుతుంది. కొన్నవాడు రెండు గంటలు ఆడినా, రెండు సంవత్సరాలు ఆడినా తేడా లేదు. అందువలన మొదలు, ముగింపు ఉండి మూడు నాలుగు గంటలలో పూర్తయ్యే కథాప్రధానమైన ఆటలకు, చిక్కుముడి ఆటలకు ఇదే సహజమైన పద్ధతి. ఆటను సాగదీయవలసిన అవసరం, మధ్యలో ఆపవలసిన అవసరం రూపకర్తకు ఉండవు.

దీని ప్రధాన లోపం ఏమనగా, ఆట బాగున్నదో లేదో తెలియకముందే డబ్బు అడగవలసి వస్తుంది. దుకాణంలో ఆ ఆట పుటను చూసినవారిలో చాలా కొద్దిమంది మాత్రమే కొంటారు. బొమ్మలు, చిన్న వీడియో, ఎవరైనా రాసిన సమీక్ష తప్ప వారిని ఒప్పించడానికి మరేమీ ఉండదు. ఆండ్రాయిడ్‌లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. మాన్యుమెంట్ వ్యాలీని ఆండ్రాయిడ్ ఫోన్లలో పెట్టుకున్నవాటిలో 5 శాతం మాత్రమే డబ్బు చెల్లించినవని, ఐఫోన్లలో అది 40 శాతమని అస్‌టూ సంస్థ 2015 జనవరిలో తెలిపినది. మిగిలినవన్నీ దొంగ ప్రతులు కావు. ఒక్కసారి కొన్నవారు ఫోనులోను, టాబ్లెట్‌లోను కూడా పెట్టుకొనవచ్చును. అయినప్పటికీ రెండు వేదికల మధ్య తేడా పెద్దదే.

రెండవ ప్రమాదం ఉచిత అనుకరణల నుండి వస్తుంది. త్రీస్ అనే సంఖ్యల ఆటను ముగ్గురు కలిసి సుమారు 14 నెలలు శ్రమించి తయారుచేసి, 2014 ఫిబ్రవరిలో 1.99 డాలర్లకు విడుదల చేశారు. కొద్ది వారాలలోనే దానిని పోలిన 1024 అనే ఉచిత ఆట వచ్చినది. మార్చిలో గాబ్రియేల్ చిరుల్లి అనే 19 సంవత్సరాల ఇటలీ యువకుడు అటువంటి ఆటను 2048 పేరుతో ఒక వారాంతంలో తయారుచేసి, దాని కోడును కూడా అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ కోడును, ఆ ఆలోచనను తీసుకొని ఇతరులు ప్రకటనలతో కూడిన ఫోను కూర్పులు విడుదల చేశారు. కొత్తగా వచ్చినవారిలో చాలామంది త్రీస్ ఆటనే 2048కి అనుకరణ అని భావించసాగారు. తమ ఆట ఎలా రూపొందినదో చూపుటకు త్రీస్ రూపకర్తలు తమ మధ్య నడిచిన ఉత్తరాలను ప్రచురించవలసి వచ్చినది. ఆట నియమాలు సులభంగా ఉండి, బొమ్మల పని తక్కువగా ఉన్న ఆటలకు వెల కట్టినపుడు ఈ ప్రమాదం ఎక్కువ. మాన్యుమెంట్ వ్యాలీ వంటి ఆటలలో చిత్రకళనే అనుకరించవలసి ఉంటుంది కనుక వాటికి కొంత రక్షణ ఉంటుంది.

కొన్న కొద్దిసేపటిలో ఆటను తిరిగి ఇచ్చివేయడం మరొక విషయం. గూగుల్ ప్లేలో కొనుగోలుదారు రెండు గంటల లోపు ఆటను వాపసు చేసి డబ్బు పొందే వీలు 2014 నుండి ఉన్నది. గంటన్నరలో పూర్తయ్యే ఆటను ఆడి ముగించి, వాపసు చేసినవారు కూడా ఉండవచ్చును. వాపసుల సంఖ్య పెరుగుతుంటే ఆట నిడివి చాలలేదా, లేక కొన్ని ఫోన్లలో ఆట సరిగా నడవడం లేదా అన్నది ముందుగా పరిశీలించాలి.

## ప్రకటనల పద్ధతి

ప్రకటనలలో మూడు రకాలు సాధారణం. తెర అడుగున గాని పైన గాని సన్నని పట్టీగా కనిపించేది బ్యానరు. రెండు ఆటల మధ్య తెర మొత్తాన్ని ఆక్రమించేది పూర్తితెర ప్రకటన. ఆటగాడు తానే మీట నొక్కి చూసి, బదులుగా ఒక ప్రాణమో, కొన్ని నాణేలో పొందేది బహుమతి ప్రకటన. సాధారణంగా బ్యానరుకు అతి తక్కువ, బహుమతి ప్రకటనకు ఎక్కువ సొమ్ము వస్తుంది. ఆదాయాన్ని వెయ్యి ప్రదర్శనలకు ఇంత అని లెక్కిస్తారు.

ఒక ఆటగాడి వలన వచ్చే ప్రకటనల ఆదాయం మూడు అంకెల లబ్ధం: అతడు ఆడిన రోజులు, రోజుకు చూసిన ప్రకటనలు, ఒక్కొక్క ప్రకటనకు వచ్చిన సొమ్ము. వీటిలో రూపకర్త చేతిలో ఎక్కువగా ఉన్నది మొదటిది. దీనిని కొలుచుటకు మరునాడు, ఏడవ రోజున, ముప్పయ్యవ రోజున ఎంత శాతం మంది తిరిగి వచ్చారో చూస్తారు. రెండవ అంకెను పెంచడం సులభమే గాని, ప్రకటనలు ఎక్కువైతే విసిగిపోయినవారు ఆటను తొలగిస్తారు. అప్పుడు మొదటి అంకె పడిపోతుంది. పూర్తితెర ప్రకటన వచ్చిన వెంటనే ఆట మూసివేసేవారి సంఖ్య పెరిగితే హద్దు దాటినట్లు తెలుసుకొనవచ్చును.

మూడవ అంకె దాదాపు పూర్తిగా ఆడేవారు ఏ దేశంలో ఉన్నారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. అమెరికాలో వెయ్యి ప్రదర్శనలకు వచ్చే సొమ్ము భారతదేశంలో వచ్చే దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుచేత తెలుగు పదాల ఆట ఒకదానిని హైదరాబాదులోను, డల్లాస్‌లోను ఒకే విధంగా ఆడినా, రూపకర్తకు వచ్చే రాబడి ఒకటి కాదు. చూసేవారి అలవాట్లను బట్టి ప్రకటనలు ఎంచే వీలు ఉంటే రేటు పెరుగుతుంది. 2021 ఏప్రిల్‌లో ఐఫోను 14.5 కూర్పు నుండి అటువంటి గమనింపుకు వినియోగదారు అనుమతి తప్పనిసరి అయినది. చాలామంది నిరాకరించడం వలన ఆ వేదికపై ప్రకటనలను గురిచూసి చూపడం కష్టమైనది.

ఈ పద్ధతిలో అతి పెద్ద విజయంగా ఫ్లాపీ బర్డ్ ఆటను పేర్కొంటారు. వియత్నాంకు చెందిన డాంగ్ న్యూయెన్ ఒక్కడే తయారుచేసి 2013 మేలో విడుదల చేసిన ఈ ఆట ఎనిమిది నెలల పాటు ఎవరి దృష్టికీ రాలేదు. 2014 జనవరిలో అకస్మాత్తుగా మొదటి స్థానానికి చేరినది. అప్పుడు బ్యానరు ప్రకటనల ద్వారానే రోజుకు 50,000 డాలర్లు వచ్చినట్లు వార్తలు వెలువడినవి. 2014 ఫిబ్రవరిలో అతడే ఆటను దుకాణాల నుండి తొలగించాడు. ఒకే ఆట, ఒకే బ్యానరు ఎనిమిది నెలలు దాదాపు ఏమీ ఇవ్వక, తరువాత కొద్ది వారాలు విపరీతంగా ఇచ్చినవి. మధ్యలో మారినది జనసంఖ్య మాత్రమే. చిన్న రూపకర్తకు ఈ పద్ధతిలోని ఆశ, ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఆచరణలో చిన్న రూపకర్తలు రెండు చోట్ల దెబ్బతింటారు. మొదటిది చెల్లింపు హద్దు. యాడ్‌మాబ్‌లో ఖాతా నిల్వ 100 డాలర్లకు చేరితే గాని సొమ్ము చేతికి రాదు. చేరనంతవరకు నిల్వ తరువాతి నెలకు వెళుతుంది. రెండవది ఖాతా రద్దు. తమ ఆటలోని ప్రకటనలను తామే నొక్కడం, మిత్రుల చేత నొక్కించడం నిషిద్ధం. ఆటను పరీక్షించేటప్పుడు పొరపాటున నొక్కినవి కూడా లెక్కలోకి వస్తాయి. దీనిని నివారించుటకు గూగుల్ పరీక్షా ప్రకటనల సంఖ్యలను ఇచ్చినది. ఆండ్రాయిడ్‌లో పూర్తితెర ప్రకటనకు పరీక్షా సంఖ్య ఇది:

```
ca-app-pub-3940256099942544/1033173712
```

ఆట విడుదలయ్యే వరకు దీనిని వాడి, విడుదల కూర్పులో మాత్రమే అసలు సంఖ్యను ఉంచవలెను. మార్చడం మరచిపోతే ప్రకటనలు కనిపిస్తూనే ఉంటాయి గాని పైసా రాదు. ప్రకటనల మీద పరీక్ష అని సూచించే గుర్తు కనిపించడం, ఖాతాలో ప్రదర్శనలు సున్నాగా ఉండడం దీనికి ఆనవాళ్ళు.

## ఆటలోపలి కొనుగోళ్ళు

ఆట లోపల అమ్మే వస్తువులు ముఖ్యంగా రెండు రకాలు. నాణేలు, ప్రాణాలు, సూచనలు వంటివి వాడగానే అయిపోతాయి. వీటిని మళ్ళీ మళ్ళీ కొనవచ్చును. కొత్త పాత్ర, కొత్త స్థాయిలు, ప్రకటనల తొలగింపు వంటివి ఒక్కసారి కొంటే శాశ్వతంగా ఉంటాయి. శాశ్వతమైన వాటిని ఫోను మార్చినప్పుడు తిరిగి పొందే మీట ఆటలో ఉండవలెనని ఆపిల్ నియమం. అది లేని ఆటలు పరిశీలనలో తిరస్కరించబడతాయి.

ఆడేవారిలో అత్యధికులు ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయరు. నూటికి ఒకరిద్దరు కొంటే మంచి ఫలితమే. ఆ ఒకరిద్దరు పదే పదే కొంటేనే లెక్క కుదురుతుంది. అందువలన ఈ పద్ధతికి కొనదగిన వస్తువుల నిల్వ ఎంతో లోతుగా ఉండాలి. క్రాసీ రోడ్‌లో పాత్రలు పదుల సంఖ్యలో ఉండేవి. వాటిని కొనకపోయినా ఆటలో దొరికే నాణేలతో లాటరీ యంత్రం ద్వారా పొందవచ్చును. పాత్ర మారినంత మాత్రాన ఆట సులభం కాదు. అందువలన డబ్బు చెల్లించనివారు కూడా చిన్నబుచ్చుకోలేదు.

ఇటువంటి నిల్వ లేని ఆటలో ఈ పద్ధతిని అతికిస్తే రూపకర్త మరొక దారి పట్టవలసి వస్తుంది. ఆటను కావాలని కష్టం చేసి, ఆ కష్టాన్ని తొలగించే వస్తువును అమ్మడమే ఆ దారి. నలభై స్థాయిల చిక్కుముడి ఆటలో సూచనలు అమ్మదలచితే, సూచన లేనిదే దాటలేని స్థాయిలను పెట్టాలనే ప్రలోభం కలుగుతుంది. ఒక స్థాయి వద్ద ఆటను వదిలివేసేవారు అకస్మాత్తుగా పెరిగి, ఆ స్థాయి వద్ద కొనుగోళ్ళు మాత్రం పెరగకపోతే, ఆ గోడ అమ్మకానికి బదులు ఆటగాళ్ళను తరిమివేస్తున్నదని అర్థం.

వెలకు అమ్మిన ఆటలో తరువాత కొనుగోలు పెడితే మరొక ఇబ్బంది ఉన్నది. మాన్యుమెంట్ వ్యాలీకి 2014 నవంబరులో ఎనిమిది కొత్త స్థాయిలను 1.99 డాలర్లకు చేర్చినప్పుడు, ముందే డబ్బు చెల్లించామని కోపగించినవారు ఆటకు ఒక్క నక్షత్రం చొప్పున సమీక్షలు ఇచ్చారు. ఆ స్థాయిల తయారీకి నెలల శ్రమ పట్టినది. అయినా మొదటి వెలలోనే సమస్తం కలిసి ఉన్నదని కొనుగోలుదారులు భావించడమే ఇందుకు కారణం.

## ఉదాహరణ లెక్క

ఈ క్రింది లెక్కలోని ఆట, అంకెలు కేవలం పద్ధతిని వివరించుటకు ఊహించినవి. ఇద్దరు మిత్రులు తెలుగు పదాల ఆట ఒకటి పది నెలలలో తయారుచేశారనుకుందాం. నెలకు ఒక్కొక్కరి జీవనవ్యయం 50,000 రూపాయలు. బొమ్మలకు, సంగీతానికి మరో 2 లక్షలు. మొత్తం 12 లక్షలు ఒక సంవత్సరంలో తిరిగి రావాలి.

''వెలకు అమ్మితే:'' పన్ను పోగా 100 రూపాయల ధర పెట్టారు. దుకాణం వాటా 15 శాతం పోగా 85 రూపాయలు మిగులుతాయి. 12 లక్షలకు సుమారు 14,100 మంది కొనాలి.

''ప్రకటనలు పెడితే:'' వందమంది డౌన్‌లోడు చేసుకున్నారు. మరునాడు 35 మంది, ఏడవ రోజున 12 మంది, ముప్పయ్యవ రోజున 4గురు తిరిగి వచ్చారు. మొదటి రెండు నెలల రోజులన్నీ కలిపితే ఆ వందమంది సుమారు 500 దినాలు ఆడినట్లు. అంటే మనిషికి 5 దినాలు. దినానికి 6 ప్రకటనల చొప్పున 30 ప్రదర్శనలు. వెయ్యికి 60 రూపాయల చొప్పున మనిషికి 1 రూపాయి 80 పైసలు. 12 లక్షలకు 6.67 లక్షల డౌన్‌లోడ్లు కావాలి.

''కొనుగోళ్ళు పెడితే:'' నూటికి ఇద్దరు, ఒక్కొక్కరు మొత్తం మీద 250 రూపాయలు ఖర్చు చేశారు. దుకాణం వాటా పోగా డౌన్‌లోడుకు సగటున 4 రూపాయల 25 పైసలు. 2.82 లక్షల డౌన్‌లోడ్లు కావాలి. అయితే నూటికి ఇద్దరికి బదులు రెండు వందలకు ఒకరే కొంటే ఈ సంఖ్య 11.3 లక్షలకు పెరుగుతుంది.

ఇంతవరకు చూస్తే వెలకు అమ్మడమే అన్నిటికంటే సులభమని తోచవచ్చును. కాని 14,100 మంది కొనుగోలుదారులు, 6.67 లక్షల డౌన్‌లోడ్లు ఒకే తూకం గల అంకెలు కావు. వాటిని పోల్చుటకు దుకాణంలో ఆట పుటను ఎంతమంది చూడాలో లెక్కించాలి. ఉచితమైతే చూసినవారిలో నూటికి 25 మంది డౌన్‌లోడు చేసుకుంటారని, వెల ఉంటే నూటికి ఇద్దరు కొంటారని అనుకుంటే ఫలితం ఇలా ఉంటుంది.

| పద్ధతి | మనిషికి రాబడి | కావలసినవారు | పుటను చూడవలసినవారు |
|---|---|---|---|
| వెలకు అమ్మకం | రూ. 85 | 14,100 | 7 లక్షలు |
| ప్రకటనలు | రూ. 1.80 | 6.67 లక్షలు | 26.7 లక్షలు |
| ఆటలోపలి కొనుగోళ్ళు | రూ. 4.25 | 2.82 లక్షలు | 11.3 లక్షలు |

47 రెట్లుగా కనిపించిన తేడా ఇప్పుడు నాలుగు రెట్లకు దిగినది. చూసినవారిలో నూటికి ఇద్దరికి బదులు రెండు వందలకు ఒకరే కొంటే, వెలకు అమ్మే ఆటకు కూడా 28 లక్షలమంది చూపరులు కావాలి. అప్పుడు ప్రకటనల పద్ధతి దానికంటే స్వల్పంగా మెరుగవుతుంది. అందుచేత ఈ లెక్కలో అన్నిటికంటే ముందు తెలుసుకొనవలసినది చూసినవారిలో కొనేవారి శాతం. ఇది గూగుల్ ప్లే, యాప్ స్టోర్ రెండింటిలోను రూపకర్త ఖాతాలో కనిపిస్తుంది.

చూపరులను డబ్బు పెట్టి రప్పించవచ్చు గదా అన్న ఆలోచనకు కూడా ఈ పట్టికలోనే సమాధానం ఉన్నది. ఇతర ఆటలలో ప్రకటన ఇచ్చి ఒక్కొక్క డౌన్‌లోడును 8 రూపాయలకు పొందితే, 1 రూపాయి 80 పైసలు తెచ్చే ఆట ప్రతి డౌన్‌లోడుకు 6 రూపాయల 20 పైసలు నష్టపోతుంది. ఎక్కువ ఖర్చు చేసే కొద్దీ నష్టమే పెరుగుతుంది. మనిషికి వచ్చే రాబడి ఎక్కువగా ఉన్న పెద్ద సంస్థలే ఈ మార్గంలో నిలువగలవు. చిన్న రూపకర్త దుకాణం సిఫారసు మీద, నోటిమాట ప్రచారం మీద ఆధారపడవలసి ఉంటుంది.

## మిశ్రమ పద్ధతి

చాలా చిన్న ఆటలు ప్రకటనలతో ఉచితంగా ఉంటూ, ఒక్కసారి డబ్బు చెల్లిస్తే ప్రకటనలు తొలగిపోయే ఏర్పాటును ఎంచుకుంటాయి. పై ఆటలో నూటికి ఒకరు 150 రూపాయలకు దీనిని కొన్నారనుకుందాం. దుకాణం వాటా పోగా డౌన్‌లోడుకు సగటున 1 రూపాయి 28 పైసలు వస్తాయి. కొన్నవారు ప్రకటనలు చూడరు కనుక ఆ ఆదాయం కొంత తగ్గుతుంది. కొనేవారు సాధారణంగా అందరికంటే ఎక్కువ ఆడేవారే కావడం వలన నూటికి ఒకరు వెళ్ళినా ప్రదర్శనలు ఒక శాతం కంటే ఎక్కువే తగ్గుతాయి. 5 శాతం తగ్గినా మిగిలేది 1 రూపాయి 71 పైసలు. రెండూ కలిపి 2 రూపాయల 99 పైసలు. కావలసిన డౌన్‌లోడ్లు 6.67 లక్షల నుండి సుమారు 4 లక్షలకు తగ్గుతాయి.

త్రీస్ రూపకర్తలు కూడా 2015లో తమ ఆటకు ఉచిత కూర్పును విడుదల చేశారు. అందులో ఆటల సంఖ్యకు పరిమితి ఉండి, వీడియో ప్రకటన చూస్తే మరికొన్ని ఆటలు లభించేవి. వెల గల కూర్పు ఎప్పటివలె కొనసాగినది. అయితే ఈ నిర్ణయం మొదటి విడుదల తరువాత ఏడాదికి పైగా గడచిన పిమ్మట తీసుకొనబడినది. అప్పటికి 2048 పేరు లోకమంతా స్థిరపడిపోయినది.

## పద్ధతిని మార్చుకొనుట

విడుదల తరువాత పద్ధతిని మార్చే స్వేచ్ఛ రెండు దుకాణాలలో ఒకే విధంగా లేదు. యాప్ స్టోర్‌లో వెల గల ఆటను ఉచితం చేయవచ్చు, మళ్ళీ వెల పెట్టవచ్చును. గూగుల్ ప్లేలో వెల గల ఆటను ఉచితం చేయవచ్చును గాని, ఉచితంగా ఇచ్చిన ఆటకు తిరిగి వెల కట్టడం సాధ్యం కాదు. వెల కట్టదలచితే కొత్త ప్యాకేజీ పేరుతో వేరొక ఆటగా విడుదల చేయాలి. అప్పుడు పాత సమీక్షలు, నక్షత్రాలు, డౌన్‌లోడ్ల సంఖ్య అన్నీ పోతాయి. వెలతో మొదలుపెట్టి ఉచితం చేస్తే, అంతకు ముందు డబ్బు చెల్లించినవారికి ప్రకటనలు చూపకుండా గుర్తించే ఏర్పాటు కోడులో ఉండాలి. లేనిచో మొదట నమ్మి కొన్నవారే మొదట ఆగ్రహిస్తారు.

ఈ కారణం చేత కొందరు రూపకర్తలు ఆటను ముందుగా ఒకటి రెండు చిన్న దేశాలలో మాత్రమే విడుదల చేసి, కొన్ని వారాలు అంకెలను గమనిస్తారు. మరునాడు తిరిగి వచ్చేవారు నూటికి పదిహేను మంది కూడా లేకపోతే పైన చూపిన 5 దినాల సగటు అసాధ్యం. అటువంటి ఆటలో ప్రకటనల రాబడి రూపాయికి లోపే ఉంటుంది. పైగా ఆట చిన్నదై, ముగింపు గలదై ఉంటే తక్కువమందికి నేరుగా అమ్మడమే మిగిలిన దారి. దానికి విరుద్ధంగా చాలామంది నెల తరువాత కూడా ఆడుతూ ఉంటే, వెల కట్టడం వలన ఆ దీర్ఘకాలపు ఆదరణకు తగిన ఫలితం అందదు. ఎందుకనగా వెయ్యి గంటలు ఆడినవాడి నుండి కూడా ఆ 85 రూపాయలే వస్తాయి.